ప్లేన్ స్ట్రెస్, ప్లేన్ స్ట్రెయిన్: పలుచని పలక నుంచి ఏటిగట్టు దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ రెండింటికీ అసలు తేడా ఏమిటి?

మూడు దిక్కులున్న వస్తువును కాగితం మీద రెండు దిక్కుల్లో లెక్కకట్టాలంటే మూడో దిక్కు గురించి ఏదో ఒకటి ముందే తేల్చుకోవాలి. కాగితంలోంచి మన వైపు వచ్చే ఆ దిక్కును z అందాం. ఆ దిక్కున వస్తువును ఎవరూ నొక్కడం లేదు, అది తన ఇష్టం వచ్చినట్టు సన్నబడవచ్చు, లావెక్కవచ్చు అనుకుంటే ప్లేన్ స్ట్రెస్. ఆ దిక్కున కదలడానికి చోటే లేదు, అటూ ఇటూ తనలాంటి ముక్కలే బిగుసుకుని ఉన్నాయి అనుకుంటే ప్లేన్ స్ట్రెయిన్.

లెక్కలో రాస్తే ప్లేన్ స్ట్రెస్‌లో σz = 0. స్ట్రెయిన్ మాత్రం సున్నా కాదు: εz = −ν(σx + σy)/E. ప్లేన్ స్ట్రెయిన్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ εz = 0, స్ట్రెస్ మిగులుతుంది: σz = ν(σx + σy). ఇక్కడ ν అంటే పాయిజాన్ నిష్పత్తి, E అంటే యంగ్ మాడ్యులస్. పరీక్ష పేపర్లలో ఎక్కువ మంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే. ప్లేన్ స్ట్రెస్‌లో స్ట్రెయిన్ కూడా రెండు దిక్కుల్లోనే ఉంటుందని రాసేస్తారు. సైకిల్ ట్యూబ్ ముక్కను పొడవుగా లాగి చూడండి, మందం తగ్గడం కంటికే కనిపిస్తుంది. అదే εz.

అయితే పలుచనిది ప్లేన్ స్ట్రెస్, మందమైనది ప్లేన్ స్ట్రెయిన్ అని గుర్తు పెట్టుకుంటే చాలదా?

చాలదు. పాఠ్యపుస్తకంలో ఒక వైపు పలుచని పలక, ఇంకో వైపు పొడవాటి డ్యామ్ బొమ్మ వేస్తారు కాబట్టి ఆ నియమం మనసులో పడిపోతుంది. నిజానికి అడగాల్సినవి రెండే: బరువు ఏ దిక్కున పడుతోంది? బరువు పడని ఆ మూడో దిక్కున వస్తువుకు స్వేచ్ఛ ఉందా? ధవళేశ్వరం దగ్గర కాటన్ బ్యారేజీ మీద నడుస్తూ చూస్తే ఈ నియమం రెండు చోట్ల బోర్లాపడుతుంది. అక్కడి కాంక్రీటు పియరు చాలా మందంగా ఉంటుంది, కానీ గేటు తోపుకు దాన్ని ప్లేన్ స్ట్రెస్‌గానే చూడాలి. గేటు ముందు ఉండే ఇనుప స్కిన్ ప్లేటు కొన్ని మిల్లీమీటర్ల మందమే, కానీ నీటి ఒత్తిడికి అది వంగే తీరు ప్లేన్ స్ట్రెయిన్‌కు దగ్గర. ఈ రెండింటినీ కింద విడిగా లెక్కగట్టాం.

గోదావరి ఏటిగట్టును దేని కింద లెక్కకట్టాలి?

ప్లేన్ స్ట్రెయిన్. ఇందులో వాదన లేదు. గట్టు కిలోమీటర్ల పొడవునా దాదాపు ఒకే అడ్డుకోతతో సాగుతుంది, వరద నీరు పొడవునా ఒకే మట్టంలో నిలుస్తుంది. మధ్యలో ఒక మీటరు ముక్కను ఊహించుకుంటే, అది పొడవు దిక్కున సాగాలన్నా, పక్క మీటరు కూడా అంతే సాగాలని చూస్తుంది కాబట్టి ఎవరికీ చోటు దొరకదు. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట తాపీ గోడకూ, పైన పోలవరం దగ్గర కడుతున్న మట్టీ రాతి డ్యామ్‌కూ, లోయ మధ్య భాగంలో, ఇదే వర్తిస్తుంది.

ఈ ఊహ చెల్లని చోట్లు కూడా గట్టు మీదే ఉంటాయి. తూము దగ్గర, లాకు గోడను గట్టు ఆనుకునే చోట, నది ఒరుసుకుంటూ తిరిగే మలుపులో, పాత గండి పూడ్చిన చోట అడ్డుకోత మారిపోతుంది. అలాంటి చోటుకు రెండు వైపులా గట్టు ఎత్తుకు ఒకటి రెండు రెట్ల దూరం వరకు రెండు దిక్కుల లెక్కను నమ్మకపోవడం మంచిది. గట్టు తెగేది తరచుగా ఇలాంటి అతుకుల దగ్గరే కాబట్టి ఇది చిన్న మినహాయింపు కాదు.

బ్యారేజీ పియరు ప్లేన్ స్ట్రెస్ ఎలా అవుతుంది? అది రెండు మీటర్ల మందం ఉంటుంది కదా!

గేటు మీద పడిన నీటి తోపు పియరులోకి ప్రవాహం దిక్కున వస్తుంది. పియరును పక్కనుంచి చూస్తే అది నిలబెట్టిన ఒక పెద్ద పలక. తోపు ఆ పలక తలంలోనే పడుతోంది. దాని రెండు ముఖాలకూ అటు ఇటు ఖాళీ, అంటే నీరో గాలో. నాలుగు మీటర్ల లోతు నీరున్నా ముఖం మీద ఒత్తిడి 0.04 MPa దాటదు. కాబట్టి మందం దిక్కున σz దాదాపు సున్నా. మందం ఎన్ని మీటర్లన్నది కాదు, పియరు పొడవు, ఎత్తులతో పోలిస్తే ఎంత అన్నదే చూడాలి.

లెక్క కోసం అంకెలు తీసుకుందాం. ఇవి ఏ కట్టడానివీ కావు, ఉదాహరణకే. పియరు మందం 2 మీటర్లు, ప్రవాహం దిక్కున పొడవు 10 మీటర్లు, ఎత్తు 8 మీటర్లు, ఒక గేటు వెడల్పు 18 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు, దిగువన నీరు లేదు. గేటు మీద మీటరు వెడల్పుకు తోపు ½ × 9.81 × 4² = 78.5 kN. రెండు పక్కల గేట్లలో చెరి సగం ఒక పియరుకు చేరుతుంది కాబట్టి మొత్తం 18 మీటర్ల తోపు, అంటే దాదాపు 1413 kN. ఇది అడుగు నుంచి 4/3 మీటర్ల ఎత్తులో పడుతుంది. అడుగు దగ్గర మూమెంట్ 1884 kN·m. సెక్షన్ మాడ్యులస్ 2 × 10²/6 = 33.3 m³. వంపు వల్ల స్ట్రెస్ 0.057 MPa. ఘనపు మీటరుకు 24 kN అనుకుంటే 8 మీటర్ల కాంక్రీటు సొంత బరువు వల్ల నొక్కుడు 0.192 MPa. రెండూ కలిపితే దిగువ అంచున 0.25, ఎగువ అంచున 0.135 MPa నొక్కుడు.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మందం గడిని మరిచిపోయి, అది తనంతట పెట్టుకునే 1 మీటరు అలాగే ఉంచి, 1413 kN మొత్తం ఇచ్చామనుకోండి. వంపు స్ట్రెస్ రెట్టింపై 0.113 అవుతుంది. సొంత బరువు వల్ల వచ్చేది మాత్రం 0.192 దగ్గరే ఉంటుంది. మందం సగమైతే బరువూ సగమే, విస్తీర్ణమూ సగమే. ఫలితంగా దిగువన 0.305, ఎగువన 0.079 వస్తుంది. అంకెలు చూడటానికి బుద్ధిగానే ఉంటాయి, ఎక్కడా రెట్టింపు కనిపించదు, అందుకే తప్పు దొరకదు. పట్టుకునే దారి ఒకటే: అడుగున వచ్చే మొత్తం ప్రతిచర్యలను కూడి, చేత్తో వేసిన పియరు బరువుతోనూ తోపుతోనూ సరిపోల్చడం. ఇక్కడ బరువు 3840 kN రావాలి. 1920 వచ్చిందంటే మందం తప్పినట్టే.

ఒక గేటు మూసి పక్క గేటు ఎత్తి ఉంటే మాత్రం ఈ లెక్క చాలదు. తోపు పియరుకు ఒక పక్కనే పడి దాన్ని మెలితిప్పుతుంది, ఒక ముఖం మీద నీటి ఒత్తిడి రెండోదాని కంటే ఎక్కువవుతుంది. ఆ స్థితికి మూడు దిక్కుల నమూనా తప్పదు. పోలవరం స్పిల్‌వేలో ఉన్న 48 రేడియల్ గేట్ల వంటి చోట తోపు ట్రనియన్ దగ్గర ఒకే చోట గుచ్చినట్టు పడుతుంది కాబట్టి అక్కడ ఇది ఇంకా ముఖ్యం.

గేటు స్కిన్ ప్లేటు పలుచనిదే కదా, దానికి ప్లేన్ స్ట్రెస్ ఎందుకు పనికిరాదు?

నీరు దాని తలానికి అడ్డంగా, అంటే లంబంగా తోస్తోంది కాబట్టి. ప్లేన్ స్ట్రెస్ మూలకానికి తలంలో కదలికలే తెలుసు, తలం నుంచి బయటికి వంగడం తెలియదు. ప్లేటును ముందు నుంచి గీసి ఆ మూలకం పెడితే నీటి ఒత్తిడి ఇవ్వడానికే చోటుండదు. కొత్తవాళ్లు అప్పుడు ఆ ఒత్తిడిని అంచుల మీద పెట్టేస్తారు, అది వేరే సమస్య అయిపోతుంది. ఇక్కడ వాడాల్సింది ప్లేటు లేదా షెల్ మూలకం.

అయితే స్టిఫనర్ల మధ్య పలక పొడవుగా, ఇరుకుగా ఉంటే దాని అడ్డుకోత ఒక్కటి తీసుకుని చూడవచ్చు. 10 mm మందం, స్టిఫనర్ల మధ్య 0.5 మీటరు, పైన 4 మీటర్ల నీరు అనుకుందాం. ఒత్తిడి 39.2 kPa. రెండు అంచులూ బిగుసుకుని ఉన్నాయనుకుంటే మీటరు పొడవుకు మూమెంట్ pL²/12 = 0.82 kN·m, దాని వల్ల స్ట్రెస్ 49 MPa. ఇప్పుడు పొడవు దిక్కు చూడండి. వంగినప్పుడు పై పొర అడ్డంగా సాగి, పొడవు దిక్కున కుంచించుకోవాలని చూస్తుంది, పక్కనున్న లోహం ఒప్పుకోదు. అంటే εz = 0. పొడవు దిక్కున 0.3 × 49 = దాదాపు 15 MPa స్ట్రెస్ వస్తుంది. బిగుతనం కూడా E కాకుండా E/(1 − ν²) అవుతుంది. మామూలు దూలంలా లెక్కేస్తే వంపు 0.38 mm, సరిగ్గా లెక్కేస్తే 0.35 mm. ప్లేటు సూత్రాల్లో కనిపించే ఆ 1 − ν² వచ్చేది ఈ ప్లేన్ స్ట్రెయిన్ నుంచే.

తప్పు ఊహ ఎంచుకుంటే ఫలితం ఎంత మారుతుంది?

ముందు ఊరట కలిగించే మాట. వస్తువు ఒకే పదార్థంతో ఉండి, మధ్యలో బొక్కలు లేకుండా, అంచుల మీద బలాలు మాత్రమే తెలిసినవై, సొంత బరువు అంతటా ఒకేలా ఉంటే, σx, σy, τxy మూడూ రెండు ఊహల్లోనూ ఒకటే వస్తాయి. వాటికి E, ν లతో పనిలేదు. పై పియరు లెక్కలో ఏది పెట్టినా 0.25 అలాగే ఉండటానికి కారణం ఇదే. పునాదికి బిగించిన అడుగు మూలల దగ్గర మాత్రం కొద్దిగా తేడా కనిపిస్తుంది.

కదలికలు మారతాయి. ఒక దిక్కున లాగుడుకు ప్లేన్ స్ట్రెయిన్‌లో వచ్చే సాగుదల 1 − ν² వంతే. కాంక్రీటుకు ν 0.2 అయితే 4 శాతం తక్కువ, ఇనుముకు 0.3 అయితే 9 శాతం, తడి బంకమన్నుకు 0.495 అయితే దాదాపు 25 శాతం. డ్యామ్ కాంక్రీటు E విలువే అంతకంటే ఎక్కువ అనిశ్చితిలో ఉంటుంది కాబట్టి ఆ 4 శాతం కోసం గొడవపడటం దండగ.

ఇనుము విషయంలో మాత్రం జాగ్రత్త. 10 mm గసెట్ ప్లేటును ఒక దిక్కున 100 MPa తో లాగుతున్నారు. ప్లేన్ స్ట్రెస్‌లో వాన్ మైసెస్ స్ట్రెస్ 100. పొరపాటున ప్లేన్ స్ట్రెయిన్ పెడితే లేని σz = 30 వచ్చి చేరుతుంది, వాన్ మైసెస్ 88.9 చూపిస్తుంది. అంటే ప్లేటు లొంగుబాటుకు ఉన్నదానికంటే 11 శాతం దూరంగా ఉన్నట్టు తెర మీద కనిపిస్తుంది. తప్పు ప్రమాదం వైపు పడింది.

కాంక్రీటు గ్రావిటీ డ్యామ్ మొత్తం ప్లేన్ స్ట్రెయినేనా?

ఇక్కడే పుస్తకం బొమ్మకూ పనికీ తేడా వస్తుంది. డ్యామ్‌ను ఒకే ముద్దగా పోయరు. పొడవు దిక్కున సుమారు 15 నుంచి 20 మీటర్లకొక అడ్డ జాయింటు వదిలి దిమ్మలుగా కడతారు. జాయింట్లలో గ్రౌటు నింపి, పళ్లలాంటి కీలు పెట్టి ఉంటే దిమ్మలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ప్లేన్ స్ట్రెయిన్ నిలుస్తుంది. గ్రౌటు లేకుండా జాయింటు తెరుచుకుని ఉంటే ప్రతి దిమ్మా తనకు తానే నిలబడ్డ పియరు లాంటిదే. అందుకే భూకంపం లెక్కల్లో, దిమ్మలు విడివిడిగా ఊగుతాయని, డ్యామ్ ఒంటికి ప్లేన్ స్ట్రెస్, కింది రాతి పునాదికి ప్లేన్ స్ట్రెయిన్ పెట్టడం చాలా చోట్ల ఉన్న పద్ధతి. ఒకే నమూనాలో రెండూ కలపడం తప్పేమీ కాదు.

ఉష్ణోగ్రత లెక్కకు వచ్చేసరికి ఈ తేడా పెద్దదవుతుంది. కాంక్రీటు పోసినప్పుడు వేడెక్కి తర్వాత 10 డిగ్రీలు చల్లారిందనుకోండి. ప్లేన్ స్ట్రెయిన్‌లో σz = ν(σx + σy) − EαΔT. E 25 GPa, ఉష్ణ వ్యాకోచ గుణకం α డిగ్రీకి 10 × 10⁻⁶ తీసుకుంటే చివరి భాగమే 2.5 MPa లాగుడు ఇస్తుంది, కాంక్రీటు పగిలేంత. నిజంగా జాయింట్లు లేకపోతే జరిగేదీ అదే (క్రీప్ వల్ల కొంత సడలుతుంది), జాయింట్లు వదిలే కారణమూ అదే. జాయింట్లున్న దిమ్మకు ఈ 2.5 చూసి కంగారుపడి కమ్మీలు పెంచితే మాత్రం ఖర్చు దండగ. జాయింటు తెరుచుకుని ఆ లాగుడును ముందే వదిలేస్తుంది.

కోనసీమ నల్ల బంకమన్ను మీద గట్టు ఎత్తు పెంచాం. సాఫ్ట్‌వేర్‌లో కుంగుడు మరీ తక్కువ వస్తోంది. ఎందుకు?

మట్టి పోసిన వెంటనే బంకలో నీరు బయటికి పోలేదు. ఘనపరిమాణం మారదు, కాబట్టి ν దాదాపు 0.5. ప్లేన్ స్ట్రెయిన్ సూత్రంలో కింద 1 − 2ν ఉంటుంది. సరిగ్గా 0.5 ఇస్తే సున్నాతో భాగహారం, ప్రోగ్రాం ఆగిపోతుంది. 0.495 ఇస్తే ఆగదు గానీ, మూడు నోడ్ల త్రిభుజాలు వాడి ఉంటే అవి బిగుసుకుపోతాయి. ప్రతి చిన్న త్రిభుజం తన వైశాల్యం మారకూడదని పట్టుబడితే నోడ్లకు కదలడానికి దారే మిగలదు. దీన్నే లాకింగ్ అంటారు.

గుర్తుపట్టడం తేలిక. మెష్‌లో త్రిభుజాల సైజు సగం చేసిన ప్రతిసారీ కుంగుడు పెరుగుతూనే పోతుంది, స్థిరపడదు. సగటు స్ట్రెస్ బొమ్మ చదరంగం గడుల్లా ఒకటి ఎరుపు ఒకటి నీలం వస్తుంది. మందు: ఆరు లేదా పదిహేను నోడ్ల త్రిభుజాలు, లేదంటే ఒత్తిడిని విడి తెలియనిరాశిగా తీసుకునే హైబ్రిడ్ మూలకాలు.

కొందరు ఎర్రరు పోవడానికి ప్లేన్ స్ట్రెస్‌కు మార్చేస్తారు. ఎర్రరు నిజంగానే పోతుంది, అందులో 1 − 2ν లేదు. కానీ అప్పుడు బంకమన్ను గట్టు పొడవు దిక్కున స్వేచ్ఛగా ఉబ్బిపోవచ్చని ఒప్పుకున్నట్టు. కుంగుడు మూడో వంతు దాకా ఎక్కువ వస్తుంది.

ఒకదాని సూత్రం తెలిస్తే రెండోది రాబట్టవచ్చా?

రాబట్టవచ్చు. ప్లేన్ స్ట్రెస్ సూత్రంలో E చోట E/(1 − ν²), ν చోట ν/(1 − ν) పెడితే ప్లేన్ స్ట్రెయిన్ వస్తుంది. సొంతంగా ప్రోగ్రాం రాసుకునేవారికి రెండు మాతృకలు అక్కర్లేదు:

```python
def D(E, nu, kind):
    if kind == "strain":
        E, nu = E/(1 - nu**2), nu/(1 - nu)
    c = E/(1 - nu**2)
    return [[c, c*nu, 0],
            [c*nu, c, 0],
            [0, 0, c*(1 - nu)/2]]
```

సరిచూసుకోవడానికి చివరి గడి చూడండి. రెండు సందర్భాల్లోనూ అది E/(2(1 + ν)) కే సమానం కావాలి. కోత బిగుతనానికి మూడో దిక్కుతో సంబంధం లేదు. σz ను మాత్రం అసలు ν తో విడిగా లెక్కించాలి, మార్చిన ν తో కాదు. ఉష్ణోగ్రత ఉంటే α కూడా మారాలి: దాని చోట (1 + ν)α.

సాఫ్ట్‌వేర్‌లో ఏది ఎంచుకోవాలి?

ANSYS లో `PLANE182` కు `KEYOPT(3)` విలువ 0 అయితే ప్లేన్ స్ట్రెస్, 2 అయితే ప్లేన్ స్ట్రెయిన్, 3 అయితే మందం ఇచ్చే ప్లేన్ స్ట్రెస్. ఏమీ ముట్టుకోకపోతే 0 ఉంటుంది. ఏటిగట్టుకు అది తప్పు, పియరుకు 3 కావాలి. Abaqus లో `CPS4` ప్లేన్ స్ట్రెస్, `CPE4` ప్లేన్ స్ట్రెయిన్, బంకమన్నుకు `CPE4H`. పేర్లలో ఒక్క అక్షరమే తేడా కాబట్టి ఇన్‌పుట్ ఫైలు తెరిచి చూసుకోవాలి.

మొదటి రన్ కాగానే వాన్ మైసెస్ కంటే ముందు σz బొమ్మ తెరవండి. పియరు నమూనాలో అది అంతటా సున్నా ఉండాలి. గట్టు నమూనాలో, మట్టిని సాగే పదార్థంగా తీసుకుని ఉంటే, ఏదో ఒక చోట σx, σy కూడి ν తో గుణిస్తే అదే అంకె రావాలి.